ప్లేటు లెక్క: చాట్‌లోనే నడిచే ఒక పెళ్లి కథను దిద్దిన తీరు

కథలు దిద్దడం నా పని. ఆ మధ్య ఒక రచయిత్రి పంపిన కథ మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా వాట్సాప్ చాటే. కథకుడు లేడు, వర్ణన లేదు. తాంబూలాలు పుచ్చుకున్న ఒక జంట, పెళ్లి ఖర్చు దగ్గర మాటా మాటా పెరగడం, అంతే. విషయం మంచిది, మనుషులు నిజమైనవాళ్లు. కానీ మొదటి ప్రతి చదువుతుంటే చాట్ చదువుతున్నట్టు లేదు, నాటకంలో సంభాషణలు విడగొట్టి పక్కన టైము వేసినట్టు ఉంది. నాలుగు ప్రతులు మారాక అది నిలబడింది. ఏం మారిందో, ఎందుకు మారిందో రచయిత్రి ఒప్పుకున్న మేరకు ఇక్కడ రాస్తున్నాను. స్వాతి, కిరణ్ అనే పేర్లు కథలోవే.

మొదటి ప్రతిలో కిరణ్ పంపిన మొదటి మెసేజ్ ఇది:

"స్వాతీ, మన పెళ్లి మాఘమాసంలో తెనాలిలో జరగబోతోంది కదా, మీ నాన్నగారు రిటైర్డ్ టీచర్ కాబట్టి ఆయన మీద భారం పడకూడదని నాకూ ఉంది, కానీ మా అమ్మ మాట కూడా వినాలి కదా."

ఈ మెసేజ్‌లో ఉన్న ప్రతి సంగతీ స్వాతికి ముందే తెలుసు. ఆమె పెళ్లి ఎక్కడో, ఆమె తండ్రి ఏం చేసేవాడో కిరణ్ ఆమెకు చెప్పక్కర్లేదు. అతను చెబుతున్నది పాఠకుడికి. మామూలు కథలో ఈ తప్పు కొంత కప్పబడుతుంది, చాట్ కథలో మొదటి లైన్‌లోనే దొరికిపోతుంది. ఎందుకంటే చదివేవాళ్లందరూ రోజూ ఇలాంటి చాట్‌లు చేసేవాళ్లే. మనుషులు ఫోన్‌లో ఎలా మాట్లాడుకుంటారో పాఠకుడికి రచయితకన్నా తక్కువ తెలీదు.

దీనికి మేం పెట్టుకున్న పరీక్ష ఒకటే. ప్రతి మెసేజ్ దగ్గరా ఆగి "ఇది అందుకున్న మనిషికి కొత్త సంగతా?" అని అడగడం. కొత్తది కాకపోతే కొట్టేయడమో, పాఠకుడు తనంతట తాను పట్టుకునేలా ఇంకో చోట పెట్టడమో. తెనాలి అనే ఊరు చాట్‌లో ఎవరూ అనరు. కథ పైన, కిరణ్ ఫోన్‌లో ఆమె నంబరు సేవ్ అయిన పేరుగా కనిపిస్తుంది: "స్వాతి తెనాలి". సంబంధం చూస్తున్న రోజుల్లో సేవ్ చేసుకున్న పేరు అని పాఠకుడికి అర్థమైపోతుంది. పెద్దలు కుదిర్చిన సంబంధమని ఇంకెక్కడా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎవరి ఫోన్

రెండో ప్రతి దగ్గర నేను అడిగిన మొదటి ప్రశ్న, ఈ చాట్ ఎవరి ఫోన్‌లో చూస్తున్నాం అని. రచయిత్రికి ఆ ఆలోచనే రాలేదు. చాట్ అంటే ఇద్దరికీ ఒకటే కదా అంది. ఒకటి కాదు. వాట్సాప్‌లో టిక్కులు మనం పంపిన మెసేజ్‌ల పక్కనే కనిపిస్తాయి, అవతలివాళ్లు పంపినవాటి పక్కన ఉండవు. మొదటి ప్రతిలో ఇద్దరి మెసేజ్‌ల పక్కనా నీలం టిక్కులు వేసింది. అలాంటి తెర ఏ ఫోన్‌లోనూ ఉండదు. పాఠకుడు కారణం చెప్పలేకపోవచ్చు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

అంతకన్నా పెద్ద సంగతి, ఫోన్ ఎవరిదైతే కథ వాళ్లకు తెలిసినంత మేరకే నడుస్తుంది. ఈ కథలో రహస్యం స్వాతిది. తండ్రి అప్పు చేయకుండా ఆమె తన పేరు మీద 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంది, కిరణ్‌కు చెప్పలేదు. కథ స్వాతి ఫోన్‌లో నడిస్తే ఆమె ఏం పంపి ఏం చెరిపేసిందో మనం దాచడం మోసంలా ఉంటుంది. అదే కిరణ్ ఫోన్‌లో నడిస్తే అతనికి ఎంత తెలియదో మనకూ అంతే తెలియదు. చెరిపేసిన మెసేజ్ అతనికీ మనకూ ఒకేలా ఖాళీగా కనిపిస్తుంది. అందుకే కథ కిరణ్ ఫోన్‌కి మారింది. ఆ ఒక్క నిర్ణయంతో మిగతా సగం వాటంతటవే దారిలో పడ్డాయి.

భాష దగ్గర కూడా ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు చాలామంది చాట్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. అలాగే రాద్దామా అని రచయిత్రి అడిగింది. ఒక పేజీ రాసి చూశాం. సహజంగానే ఉంది గాని రెండో పేజీకల్లా కళ్లు అలిసిపోయాయి, కథ కన్నా అక్షరాలు కూడబలుక్కోవడమే ఎక్కువైంది. చివరికి లిపి తెలుగే, అలవాట్లు మాత్రం చాట్‌వి అనుకున్నాం. ప్రశ్నార్థకాలు చాలాచోట్ల ఉండవు, మెసేజ్ చివర చుక్క ఉండదు, ఒక వాక్యం రెండు మూడు మెసేజ్‌లుగా తెగుతుంది. "హా", "సరేలే", "ఓకే" లాంటివి వాటి బరువుతో ఉంటాయి.

ఏ అంకె

మొదటి ప్రతిలో మొత్తం బడ్జెట్ ఉంది. కల్యాణ మండపం, డెకరేషన్, ఫొటో, వీడియో, సన్నాయి మేళం, పురోహితుడు, పట్టుచీరలు, బంగారం, కార్డులు, విడిది గదులు, బస్సులు. స్వాతి ఒక పట్టిక పంపుతుంది, కిరణ్ వరస పెట్టి ఒక్కోదాని మీదా మాట్లాడతాడు. చదివేవాడికి ఏదీ గుర్తుండదు. గొడవ దేని మీదో కూడా తెలీదు, ఎందుకంటే అన్నిటి మీదా ఉంది.

ఒక్క పద్దు ఎంచుకుందాం అనుకున్నాం. ఏది అన్నది ఊరికే తేల్చలేదు. మండపం అద్దె, డెకరేషన్ ఒకసారి మాట్లాడుకుంటే స్థిరం, రోజూ మారవు. బంగారం ధర రోజూ మారుతుంది గాని అది ఇద్దరి చేతిలోనూ లేదు. మారేదీ, మనుషుల చేతిలో ఉన్నదీ, రెండు కుటుంబాల మర్యాదతో ముడిపడినదీ ప్లేట్ల లెక్క. క్యాటరింగ్ వాళ్లు ప్లేటుకింత అని చెబుతారు, ఎంతమందో మనం ముందే చెప్పాలి. చెప్పినదానికన్నా తక్కువమంది వచ్చినా చెప్పినంతకీ కట్టాలి. అంటే ఆ అంకె ఒక ఒప్పందం. ఎవరిని పిలవాలి అన్న ప్రశ్న నేరుగా డబ్బవుతుంది.

పైగా లెక్క చెప్పాల్సిన తేదీ ఉంటుంది. కథలో అది జనవరి 6. ఆ తర్వాత పెంచుతారు, తగ్గించరు. దాంతో కథకు గడువు దొరికింది. మొదటి ప్రతిలో గొడవ ఎప్పుడైనా ఆగొచ్చు, ఎప్పటికైనా సాగొచ్చు. ఇప్పుడు పది రోజులే ఉన్నాయి.

చివరి ప్రతిలో మొదటి భాగం ఇలా ఉంది:

27 డిసెంబర్, రాత్రి 9:12
కిరణ్: తిన్నావా
స్వాతి: హా నువ్వు
కిరణ్: ఇప్పుడే
కిరణ్: అమ్మ లిస్ట్ ఇచ్చింది
కిరణ్: [ఫొటో]
కిరణ్: [ఫొటో]
కిరణ్: [ఫొటో]
స్వాతి: ఇన్ని పేజీలా
కిరణ్: నాన్న పుస్తకంలోంచి ఎత్తి రాసిందంట
స్వాతి: ఎంతమంది

9:31
కిరణ్: మొత్తం 550
స్వాతి: తాంబూలాల రోజు 250 అన్నారు
కిరణ్: అప్పుడు పుస్తకం చూడలేదంట
స్వాతి: 300 ఎక్కువ కిరణ్
కిరణ్: తెలుసు

10:40
స్వాతి: 6న ప్లేట్లు చెప్పాలి అడ్వాన్స్ కూడా
స్వాతి: తర్వాత పెంచుతారంట తగ్గించరంట
కిరణ్: ప్లేటు 650 కదా మరీ ఎక్కువేం కాదులే
స్వాతి: ఎవరికి

28 డిసెంబర్, ఉదయం 8:05
కిరణ్: గుడ్ మార్నింగ్
కిరణ్: ఫోన్ ఎప్పుడు మారుస్తున్నావ్ సేల్ ఉంది
స్వాతి: వద్దులే ఇదే నడుస్తోంది

"ఎంతమంది" అని ఆమె అడిగాక కిరణ్ జవాబు రావడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ అంకె చెప్పడానికి అతను జంకుతున్నాడని ఎవరూ చెప్పలేదు. "ఎవరికి" తర్వాత రాత్రంతా ఖాళీ. మొదటి ప్రతిలో ఆ చోట స్వాతి తండ్రి పెన్షన్ గురించి ఎనిమిది లైన్ల మెసేజ్ ఉండేది. అది తీసేయమంటే రచయిత్రి బాధపడింది, ఆ మాటలు ఆమెకు ఇష్టం. కానీ అంత కోపంలో ఉన్న మనిషి అంత పొందికగా రాయదు. ఒక్క మాట అని ఫోన్ పక్కన పడేస్తుంది.

టైములు ప్రతి మెసేజ్‌కీ వేయకుండా, ఖాళీ ఎక్కడ అర్థవంతమో అక్కడే వేశాం. అన్నిటికీ వేస్తే పాఠకుడు నాలుగో మెసేజ్ నుంచి వాటిని చూడడం మానేస్తాడు. కొత్త ఫోన్ వద్దన్న ముక్క లోన్‌కి ముందే వేసిన ఆధారం. మొదటిసారి చదివేటప్పుడు అది ఊసుపోని కబురులా దాటిపోవాలి, దాటిపోతుంది కూడా.

చదివింపుల దగ్గర ముడి

కథ నిజంగా బలపడింది ఇక్కడే. ఎక్కువమందిని పిలవాలన్న కిరణ్ తల్లి మాటకు మొదటి ప్రతిలో కారణం "పరువు". అది చాలా తేలిక కారణం. ఆమెను గయ్యాళి అత్తను చేసి వదిలేస్తుంది. ఆమె వైపు నుంచి ఆలోచించమన్నాను. మన ఊళ్లల్లో చదివింపుల పుస్తకం ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఎవరి పెళ్లిలో, ఎవరి గృహప్రవేశంలో మనం ఎంత చదివించామో, మన శుభకార్యానికి వచ్చి ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు, మొత్తంతో సహా రాసి పెడతారు. 116, 516, 1,116 అంటూ పదహార్ల లెక్కలో ఉంటాయి. ఆ పుస్తకం చూసి పిలవడం అంటే తీర్చాల్సిన బాకీలు తీర్చడం, రావాల్సినవి రాబట్టుకోవడం. కిరణ్ తల్లి లోభంతో అడగడం లేదు. భర్త పెట్టిన చదివింపులు, ఆయన తిరిగిన ఇళ్లు ఊరికే పోకూడదని అడుగుతోంది.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. మన దగ్గర పెళ్లి ఎక్కువగా ఆడపిల్ల వాళ్లు చేస్తారు, భోజనాల ఖర్చు వాళ్లది. మగపెళ్లివారి తరఫున వచ్చినవాళ్ల చదివింపులు మాత్రం మగపెళ్లివారికే వెళతాయి. ప్లేటుకు డబ్బు కట్టేది ఒక ఇల్లు, ప్లేటు ముందు కూర్చున్నవాడు చదివించేది ఇంకో ఇంటికి. రచయిత్రికి ఇది తెలుసు, ఆమె ఇంట్లోనూ జరిగింది. కథలో పెట్టాలని మాత్రం తోచలేదు. పెట్టాక ఇలా వచ్చింది:

29 డిసెంబర్, సాయంత్రం 6:50
కిరణ్: అమ్మ చెప్పేది కూడా విను ఒకసారి
కిరణ్: నాన్న ఇన్నేళ్లూ ఆ ఇళ్లన్నిటికీ వెళ్లి చదివించారు
కిరణ్: పిలవకపోతే అమ్మ మొహం ఎలా చూపిస్తుంది
కిరణ్: పైగా వాళ్లూ చదివిస్తారు ఖర్చు తిరిగొచ్చేస్తుంది అంటోంది
స్వాతి: 300 మంది అంటే ఎన్ని ఇళ్లు
కిరణ్: 100 ఉంటాయేమో
స్వాతి: ఇంటికి 1,116 వేసుకో
కిరణ్: 1,11,600
స్వాతి: 300 ప్లేట్లు
కిరణ్: 1,95,000
స్వాతి: సరే అది వదిలెయ్
స్వాతి: చదివింపులు ఎవరింటికి వస్తాయి
కిరణ్: మా ఇంటికే
స్వాతి: ప్లేట్లకి ఎవరు కడుతున్నారు

7:44
కిరణ్: పెళ్లి ఆడపిల్ల వాళ్లే చేస్తారు కదా స్వాతీ
కిరణ్: రిసెప్షన్ మేం చేస్తున్నాం
స్వాతి: ఓకే

లెక్కలన్నీ కిరణ్ చేతే వేయించడం రచయిత్రి ఆలోచనే, చాలా మంచి ఆలోచన. స్వాతి అంకెలు చెబితే అది వాదన. అతనే గుణించి పంపితే, తన తల్లి మాట నిలబడదని తన వేళ్లతోనే టైపు చేసినట్టవుతుంది. ఆ తర్వాత వచ్చిన ఖాళీకి బలం అక్కడి నుంచే వచ్చింది. చివర "ఓకే" దగ్గర కోపం గుర్తు, ఎర్ర మొహం బొమ్మ ఉండేవి. తీసేశాం. మనవాళ్లు నిజంగా కోపంలో ఉన్నప్పుడు బొమ్మలు పెట్టరు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరగబోయింది. తల్లికి గొంతు లేదని రచయిత్రి ఒక వాయిస్ మెసేజ్ పెట్టి, అందులో ఆమె మాటలన్నీ రాసింది. చాట్ మధ్యలో ఒక పేజీ ఉపన్యాసం వచ్చి పడింది, రూపం విరిగిపోయింది. తీసేయడానికి ఆమెకు మనసు రాలేదు. చివరికి ఇలా కుదిరింది:

30 డిసెంబర్, ఉదయం 7:10
కిరణ్: అమ్మ నీకోసం మాట్లాడింది విను
కిరణ్: [వాయిస్ మెసేజ్ 4:14]

7:11
స్వాతి: విన్నా
కిరణ్: నాలుగు నిమిషాలుంది అది

నాలుగు నిమిషాల మాట నిమిషంలో వినడం కుదరదు. స్వాతి తప్పు చేసింది, కిరణ్ పట్టుకున్నాడు. కథలో ఈ ఒక్క చోట పాఠకుడు కిరణ్ పక్షాన నిలబడతాడు. అంతవరకూ న్యాయం అంతా ఆమెవైపే ఉంది, అలా ఉంటే ఇద్దరి కథ ఒకరి ఫిర్యాదుగా మిగిలిపోయేది.

లోన్ బయటపడే చోటు

మొదటి ప్రతిలో స్వాతే చెప్పేస్తుంది: "నేను నీకు ఒక నిజం చెప్పాలి." చెప్పాలని మనసులో ఉండి చెప్పలేకపోవడం ఈ కథ. దానికి చాట్‌లోనే ఉన్న రెండు పనిముట్లు వాడాం. ఒకటి చెరిపేసిన మెసేజ్, ఇంకోటి స్క్రీన్‌షాట్.

31 డిసెంబర్, రాత్రి 11:48
[స్వాతి ఒక మెసేజ్ డిలీట్ చేసింది]

12:00
కిరణ్: హ్యాపీ న్యూ ఇయర్
కిరణ్: ఏంటది డిలీట్ చేశావ్

12:20
స్వాతి: ఏం లేదు
స్వాతి: హ్యాపీ న్యూ ఇయర్

స్క్రీన్‌షాట్‌లో అనుకోకుండా పైన బ్యాంకు మెసేజ్ కనబడడం అందరికీ తెలిసిన ప్రమాదం. అందుకే అది కల్పనలా తోచే ప్రమాదమూ ఉంది. సరిగ్గా ఆ నిమిషంలోనే బ్యాంకు మెసేజ్ ఎందుకు రావాలి అని పాఠకుడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు తేదీలో పెట్టాం. ఈఎంఐ ప్రతి నెలా 5న కట్ అవుతుంది, లోన్ డిసెంబర్‌లో తీసుకుంది, మొదటిది జనవరి 5. ప్లేట్ల లెక్క చెప్పాల్సింది 6న, కాబట్టి కొటేషన్ గురించి 5న మాట్లాడుకోవడం సహజం. రెండు తేదీలూ వాటి వాటి కారణాలతో ఒకచోటికి వచ్చాయి.

అంకె కూడా అంతే జాగ్రత్తగా పెట్టాలి. మొదట రచయిత్రి నెలకు 15,000 అని రాసింది. 5 లక్షల అప్పుకు 5 ఏళ్లలో 9 లక్షలు కట్టినట్టు. బ్యాంకు లోన్ కట్టిన పాఠకుడెవరైనా అక్కడ ఆగిపోతాడు. 14 శాతం వడ్డీ వేసి లెక్క కడితే 60 నెలలకు నెలకు 11,634 వచ్చింది. గుండ్రంగా లేని అంకె కాబట్టి నిజమైన బ్యాంకు మెసేజ్‌లా ఉంది. మొత్తం కట్టేది 6,98,040, అంటే వడ్డీ 1,98,040. ఆ లెక్క వేస్తుండగా మాకు తట్టింది, ఇది 300 ప్లేట్ల ఖర్చుకు దాదాపు సమానం. రచయిత్రి వెంటనే కిరణ్ చేత ఆ మాట అనిపించబోయింది. వద్దన్నాను. వేసుకోవాలనుకున్న పాఠకుడు వేసుకుంటాడు. వేసుకోనివాడికి కథ ఏమీ తగ్గదు.

5 జనవరి, ఉదయం 11:02
కిరణ్: రేపే కదా చెప్పాల్సింది
కిరణ్: మీవాళ్లతో కలిపి 900 చెప్పేద్దామా
స్వాతి: కొటేషన్ పంపుతా నువ్వే చూడు
స్వాతి: [స్క్రీన్‌షాట్]

11:04
కిరణ్: పైన అదేంటి
స్వాతి: ఏది
కిరణ్: బ్యాంకుది 11,634

11:31
కిరణ్: స్వాతీ
స్వాతి: లోన్
కిరణ్: దేనికి
స్వాతి: దేనికుంటుంది
కిరణ్: ఎంత
స్వాతి: 5 లక్షలు
కిరణ్: ఎన్నేళ్లు
స్వాతి: 5
కిరణ్: నాకెందుకు చెప్పలేదు
స్వాతి: చెప్పా
స్వాతి: డిలీట్ చేశా

స్క్రీన్‌షాట్‌లో ఏముందో బ్రాకెట్లలో వర్ణించకపోవడం ముఖ్యం. వర్ణిస్తే కథకుడు చాట్‌లోకి వచ్చేసినట్టే. కిరణ్ "పైన అదేంటి" అన్నాకే మనకు తెలుస్తుంది. పంపిన వస్తువులన్నీ బ్రాకెట్లలో పేరుకే ఆగాయి: ఫొటో, స్క్రీన్‌షాట్, వాయిస్ మెసేజ్ నిడివి.

ఎక్కడ ఆపాలి

మొదటి ప్రతి చివర కిరణ్ క్షమాపణ అడుగుతాడు, ఇద్దరూ రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుని మిగిలిన డబ్బు అనాథాశ్రమానికి ఇద్దామనుకుంటారు. చదివినవాళ్లలో ఒకరు "మంచి మెసేజ్ ఉంది" అన్నారు. అదే ఇబ్బంది. 550 మంది లిస్టు రాసిన తల్లి, తాంబూలాలు పుచ్చుకున్న తండ్రి ఉన్న ఇళ్లలో ఒక్క రాత్రిలో అలా జరగదు. ఆ ఇద్దరికీ ఆ ధైర్యం ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

అంకె కాస్త దిగాలి, పూర్తిగా దిగకూడదు అనుకున్నాం. కిరణ్ తల్లితో కూర్చుని పుస్తకం తిరగేస్తే ఎంత తగ్గుతుంది? చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు, బాకీ ఎప్పుడో తీరిపోయిన ఇళ్లు తీసేస్తే 300లో ఇంకా రెండొందల పైచిలుకు మిగులుతారు. 150కి తెస్తానని రచయిత్రి అంది. అంత తేలిగ్గా దిగితే ఆ తల్లి మొదట అడిగినదానికి విలువ లేదు. 217 దగ్గర ఆగింది.

6 జనవరి, ఉదయం 9:20
కిరణ్: [ఫొటో]
కిరణ్: రాత్రి అమ్మతో కూర్చున్నా
కిరణ్: 300లోంచి 83 తీసేసింది
కిరణ్: ఇంకా దిగదు
స్వాతి: 217
కిరణ్: వాటి డబ్బు నేను వేస్తా క్యాటరింగ్ ఆయనకి
కిరణ్: 1,41,050

9:46
స్వాతి: అత్తయ్యకి లోన్ సంగతి చెప్పావా
కిరణ్: లేదు
స్వాతి: మా నాన్నకీ తెలీదు
కిరణ్: నీ సేవింగ్స్ అనుకుంటున్నారా
స్వాతి: హా
కిరణ్: సరే

ఒకరి రహస్యం ఇద్దరిదయింది, పెద్దవాళ్ల దగ్గర అలాగే ఉండిపోయింది. ఇది మంచా చెడా అన్నది కథ తేల్చదు. తన ఇంటి మనుషుల ప్లేట్లకు తానే కట్టడం కిరణ్ వేసిన అసలు అడుగు. "పెళ్లి ఆడపిల్ల వాళ్లే చేస్తారు కదా" అన్న మనిషే ఆ అంకె టైపు చేశాడు. క్షమించమన్న మాట రాకపోయినా అక్కడ లోటు కనిపించదు.

అచ్చులో వేసేటప్పుడు రెండు మార్పులు చేయాల్సి వచ్చింది. ఫోన్ తెరలా కుడి ఎడమల బుడగల్లో వేస్తే పేజీలు రెట్టింపయ్యాయి, పెద్ద వయసు పాఠకులు ఎవరు ఎవరో తికమకపడ్డారు. పేర్లు పెట్టి ఒకే వరుసలో వేసి, ఖాళీ ఉన్న చోట ఒక లైను వదిలాం. టిక్కులు పూర్తిగా తీసేశాం, నీలం రంగు లేకుండా అవి ఏమీ చెప్పవు. "విన్నా" ముక్క మాత్రం కొందరికి అందలేదు, టైము చూడకుండా దాటిపోయారు. అందుకే "నాలుగు నిమిషాలుంది అది" అన్న కిరణ్ జవాబు ఉంచాల్సి వచ్చింది. లేకపోతే అది కూడా కొట్టేసేవాణ్ణి.

ఈ రూపానికి అందని మనిషి కిరణ్ తల్లి. ఆమె ఎప్పుడూ కొడుకు మాటల్లోనే వస్తుంది, "అంటోంది", "రాసిందంట" అంటూ. ఆ వాయిస్ మెసేజ్‌లో ఏముందో స్వాతి వినలేదు కాబట్టి మనమూ వినలేదు. ఇద్దరి చాట్‌లో మూడో మనిషికి ఇంతకన్నా చోటు ఇవ్వడం కుదరదు, ఇస్తే అది ఇద్దరి చాట్ కాదు. ఆమె కోసం రచయిత్రి ఇప్పుడు వేరే కథ మొదలుపెట్టింది. అది చదివింపుల పుస్తకం రూపంలోనే ఉంటుంది: పేరు, ఊరు, సందర్భం, మొత్తం, అక్కడక్కడా పక్కన పెన్సిల్‌తో రాసుకున్న చిన్న మాట. మొదటి మూడు పేజీలు పంపింది. అందులో కొట్టేసిన 83 పేర్లలో కొన్ని ఉన్నాయి.